నూతన గృహప్రతిష్ఠ ప్రార్థన

(కుటుంబమంతా గడప ముందు నిలబడగా కాపరి చదువుతారు.)

వాక్యపఠనం, కీర్తనలు 127:1
“యెహోవా ఇల్లు కట్టించనియెడల దాని కట్టువారి ప్రయాసము వ్యర్థమే.”

ప్రార్థన చేద్దాం.

పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రములు. నీ బిడ్డ ఏసుపాదం తాపీ పట్టుకుని ఇన్నేళ్లూ ఊరందరికీ ఇళ్లు కట్టాడు. ఈ రోజు తన సొంత గడపలో నిలబడ్డాడు ప్రభువా, ఇది నీ కృపే. మరియమ్మ మిరపకోతల కూలి డబ్బులో దాచుకున్న ప్రతి రూపాయీ నీకు తెలుసు. వెనక గోడకు ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు, డ్వాక్రా అప్పు తీరాల్సి ఉంది. ఆ టెన్షన్ వాళ్ల నిద్ర చెడగొట్టకుండా, చేతినిండా పని దయచేయి. వాళ్ల కష్టాన్ని ఆశీర్వదించు.

ఈ రెండు గదులనూ నీ సన్నిధితో నింపు. వంటింట్లో పొయ్యి ఆరకుండా చూడు. ఆకలితో వచ్చినవాళ్లకు ఇక్కడ ఇంత అన్నం దొరకాలి. పిల్లలిద్దరూ నీ భయభక్తుల్లో పెరగాలి, బాగా చదువుకోవాలి. మోకాళ్ల నొప్పులతో ఉన్న నాయనమ్మను నీ చేతితో ముట్టు. భార్యాభర్తల మధ్య మాట మాట వచ్చిన రోజున పొద్దుగూకేలోగా సమాధానపరచు. తాగుడు, కలహం, చెడుమాట ఈ గడప దాటి లోపలికి రాకుండా కావలి ఉండు.

ఈ స్లాబు వేయడానికి కూలి తీసుకోకుండా చెయ్యి సాయం చేసిన తోటి మేస్త్రీలనూ, ఇరుగుపొరుగునూ దీవించు.

ఈ ఇంటిని నీకే ప్రతిష్ఠిస్తున్నాం. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున,

అందరూ: ఆమేన్.