మీ ఖాతా తొలగింపు అభ్యర్థన పెండింగ్‌లో ఉంది: నిర్ధారించే ముందు చదవండి

నమస్కారమండీ,

`gattu_kaburlu` ఖాతాను శాశ్వతంగా తొలగించాలన్న అభ్యర్థన 2026 అక్టోబరు 6, రాత్రి 9:40కి మాకు అందింది. ఇప్పటివరకు ఏదీ తొలగించలేదు. అక్టోబరు 13 రాత్రి 11:59లోగా మీరు నిర్ధారిస్తేనే ఇది ముందుకు సాగుతుంది. లేకపోతే అభ్యర్థన దానంతట అదే రద్దవుతుంది, ఖాతా ఎప్పటిలాగే ఉంటుంది. వద్దనుకుంటే మీరు చేయవలసింది ఏమీ లేదు.

అభ్యర్థన పెట్టింది మీరు కాకపోతే మిగతా ఉత్తరం తర్వాత చదవచ్చు. ముందు సైటు తెరిచి పాస్‌వర్డు మార్చండి, "అన్ని పరికరాల నుంచి బయటకు" నొక్కండి, ఆపైన ఈ సందేశానికి జవాబు రాయండి. ఖాతా తొలగింపు పేరుతో మేము ఎవరికీ ఫోను చేయము, ఓటీపీ అడగము. అడిగినవారు మావాళ్లు కారు.

నిర్ధారించాక 30 రోజులు

నిర్ధారించిన రోజు నుంచి 30 రోజుల గ్రేస్ పీరియడ్ మొదలవుతుంది. ఉదాహరణకు అక్టోబరు 10న నిర్ధారిస్తే నవంబరు 9 రాత్రి 11:59 వరకు మనసు మార్చుకునే వీలుంది. ఇది భారత కాలమానం. డాలస్‌లో ఉన్నవారికి అప్పటికి ఆ రోజు మధ్యాహ్నం 12:29 మాత్రమే అవుతుంది. "ఇంకా రాత్రి కాలేదు కదా" అని ఇంతకుముందు ఒకరిద్దరు నష్టపోయారు కాబట్టి చెబుతున్నాం.

ఈ 30 రోజులూ మీ పేజీ, కథలు పాఠకులకు కనిపించవు. మా దగ్గర మాత్రం భద్రంగా ఉంటాయి. మీరు లోపలికి వచ్చి చూసుకోవచ్చు, దించుకోవచ్చు. కొత్తగా ఏదీ ప్రచురించలేరు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. కొన్ని సేవల్లో మళ్లీ లాగిన్ అయితే చాలు, తొలగింపు ఆగిపోతుంది. ఇక్కడ అలా కాదు. ఫోనులోని యాప్ తనంతట తానే లాగిన్ అవుతుంటుంది, దాన్ని మీ నిర్ణయంగా తీసుకోవడం న్యాయం కాదని మా అభిప్రాయం. ఆపాలనుకుంటే "తొలగింపు వద్దు" అనే మీటను మీరే నొక్కాలి. నొక్కిన వెంటనే అన్నీ తిరిగి కనిపిస్తాయి.

గడువు దాటాక మీరు బతిమాలినా మేము చేయగలిగింది ఉండదు. బ్యాకప్పుల్లో మరో 60 రోజుల వరకు ప్రతులు మిగిలి ఉంటాయి కానీ వాటిలోంచి ఒక్క ఖాతాను ఏరి తీసే ఏర్పాటు మాకు లేదు.

మీ రాతలు

ఈ ఉదయానికి మీ ఖాతాలో 41 కథలు, 2 సీరియళ్లు, ప్రచురించని చిత్తుప్రతులు 17 ఉన్నాయి. "నా రాతలు దించుకో" నొక్కితే అన్నీ ఒక జిప్ ఫైలుగా సిద్ధమవుతాయి. లింకు 7 రోజులు పనిచేస్తుంది, గడువులోపు ఎన్నిసార్లయినా మళ్లీ అడగవచ్చు.

దించుకున్న ఫైలును తెరిచి చూసుకోండి. మీ మొదటి 6 కథలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చి పంపినవి. అవి యూనికోడ్‌లో లేవు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంకాని గుర్తుల వరస కనిపిస్తుంది. సైటులో పాఠకులు చదివినది వాటి చిత్రాలనే. యూనికోడ్‌లోకి మార్చి ఇమ్మంటే మార్చి ఇస్తాం, వారం పడుతుంది. ఒత్తులు, అరసున్నలు అక్కడక్కడా తారుమారవుతాయి, మీరే ఒకసారి దిద్దుకోవాలి. కాబట్టి ఈ పని నవంబరు మొదటి వారానికి వాయిదా వేయకండి.

మీ కథల కింద పాఠకులు రాసిన 612 వ్యాఖ్యలు కథలతోపాటే పోతాయి. జిప్ ఫైలులో వాటి పాఠం వస్తుంది, రాసినవారి పేర్లు రావు. ఇతరుల కథల కింద మీరు రాసినవి మాత్రం "వెళ్లిపోయిన సభ్యులు" అనే పేరుతో ఉండిపోతాయి. అవి కూడా వద్దంటే నిర్ధారణ పేజీలోని రెండో గడిలో టిక్కు పెట్టండి. మొదట్లో అందరివీ తుడిచేసేవాళ్లం. అవతలివాళ్ల జవాబులు గాలిలో మాట్లాడుతున్నట్టు మిగిలిపోయేవి.

ఇక గొలుసు నవల. అందులో 4వ అధ్యాయం మీది. 11 మంది కలిసి రాసిన నవల కాబట్టి ఏ అధ్యాయాన్నీ విడిగా తీసేయబోమని మొదట్లోనే అందరి దగ్గరా అంగీకారం తీసుకున్నాం, మీదీ ఉంది. మీరు చంపిన పోస్టుమాస్టరును 7వ అధ్యాయంలో మరొకరు బతికించారు. 4వది తీసేస్తే ఆయన ఎందుకు తిరిగొచ్చాడో పాఠకులకు అర్థం కాదు. అధ్యాయం ఉంటుంది, దానిపై పేరు ఉంచాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఏమీ చెప్పకపోతే పేరు తీసేస్తాం.

సెర్చ్ ఇంజిన్లలో పాత లింకులు కొంతకాలం కనిపించవచ్చు. ఎవరైనా కాపీ చేసి వాట్సాప్‌లో తిప్పుతున్న కథలు మా చేతిలో లేవు.

డబ్బు

మీకు రావలసిన పారితోషికం ₹1,260 ఉంది. మామూలుగా ₹500 దాటితేనే పంపుతాం, ఖాతా మూసేవారికి ఆ హద్దు లేదు. మీరు ఇచ్చిన బ్యాంకు ఖాతా ఇంకా వాడుకలో ఉందో లేదో చూసి, మారితే ఇప్పుడే మార్చండి. తొలగింపు పూర్తయ్యాక సొమ్ము ఎవరిదో రుజువు చేసుకోవడం మీకూ మాకూ తలనొప్పి.

నెలకు ₹99 చందా యూపీఐ ఆటోపే ద్వారా కడుతున్నారు. నిర్ధారించగానే మా వైపు నుంచి దాన్ని రద్దు చేస్తాం. అయినా తర్వాతి వాయిదా అక్టోబరు 18న ఉంది కాబట్టి మీ యూపీఐ యాప్‌లోనూ ఒకసారి చూసుకోండి. కోతకు 24 గంటల ముందు రావలసిన సందేశం వచ్చిందంటే రద్దు కాలేదని అర్థం. తొలగింపును మీరు వెనక్కి తీసుకున్నా ఆటోపే తిరిగి రాదు, మళ్లీ పెట్టుకోవాలి. మీ అమ్మగారి ఖాతాకు మీరు బహుమతిగా కట్టిన ఏడాది చందాకు ఏమీ కాదు, 2027 మార్చి వరకు ఆమె చదువుకోవచ్చు. మీరు కొన్న 23 ఈ-పుస్తకాలు మాత్రం మీ ఖాతాతోనే పోతాయి.

చట్టం ప్రకారం ఉంచవలసినవి

అన్నీ తుడిచేస్తామని చెప్పడం తేలికే, అది నిజం కాదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం, నమోదు కోసం తీసుకున్న వివరాలను సభ్యత్వం రద్దయ్యాక 180 రోజులు ఉంచాలి. మీ విషయంలో అవి పేరు, ఫోను నంబరు, ఈమెయిలు. చందా రసీదుల లెక్కలను జీఎస్టీ చట్టం కింద వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. ఈ రెంటినీ మరే పనికీ వాడము.

ఫోను నంబరు

మనసు మార్చుకుంటే ఓటీపీ మీ పాత నంబరుకే వస్తుంది. ఊరు మారినా, దేశం మారినా ముందు ఖాతాలోని నంబరు మార్చుకోండి. మన దేశంలో వాడకం ఆగిపోయిన నంబరును 90 రోజుల తర్వాత వేరొకరికి ఇవ్వవచ్చు.

కొంతకాలం రాయడం, కనబడటం వద్దనుకున్నవారికి "విరామం" అనే ఏర్పాటు ఉంది. పేజీ దాగి ఉంటుంది, చందా ఆగుతుంది, గడువు ఉండదు. మీ అభ్యర్థనలో కారణం రాయలేదు, రాయనక్కర్లేదు కూడా. ఇది తెలియక తొలగింపు నొక్కేవారు ఉంటారు కాబట్టి ప్రస్తావించాం.

నిర్ధారించాలంటే సైటులో అమరికలు, ఖాతా, "తొలగింపును నిర్ధారించు" వరసగా తెరవండి. ఈ ఉత్తరంలో కావాలనే లింకు పెట్టలేదు. సందేహముంటే ఇక్కడే జవాబు రాయండి. సోమవారం నుంచి శనివారం వరకు, ఉదయం 10 నుంచి సాయంత్రం 6 మధ్య మాలో ఒకరు చదివి సమాధానమిస్తారు. దీపావళి రోజు సెలవు.

సభ్యుల సహాయ విభాగం
2026 అక్టోబరు 7