లోపం ఉన్న ఫ్రిజ్‌కు పూర్తి ధర వాపసు కోరుతూ ఫిర్యాదు

హనుమకొండ,
9 జూన్ 2025.

కస్టమర్ కేర్ విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం.

ఈ ఏడాది ఫిబ్రవరి 12న హనుమకొండలోని మీ డీలర్ వద్ద 27,500 రూపాయలు చెల్లించి మీ కంపెనీ డబుల్ డోర్ ఫ్రిజ్ కొన్నాను. ఎండలు ముదిరేసరికి దాని కింది అరల్లో చల్లదనం పూర్తిగా పోయింది. కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది కానీ, ఫ్రీజర్‌లో ఒక మూలన మాత్రమే మంచు పేరుకుంటుంది. పొద్దున కాచి పెట్టిన పాలు సాయంత్రం టీకి తీసేసరికి విరిగిపోతున్నాయి.

మొదట వచ్చిన టెక్నీషియన్ గ్యాస్ నింపి వెళ్లారు. కొద్ది రోజులకే సమస్య తిరగబెట్టడంతో, తర్వాత వచ్చినవారు ప్రెషర్ పరీక్ష చేసి, లీకేజీ బయటి అతుకుల దగ్గర కాదని, గోడలోపల ఫోమ్‌లో ఉన్న పైపులో ఉందని, దానిని విప్పి బాగుచేసే వీలు లేదని జాబ్ షీట్‌లో రాసి సంతకం చేశారు. ఇంత స్పష్టంగా ఉన్నా మళ్లీ గ్యాస్ నింపిస్తామనడం సబబు కాదు. లీకేజీ ఉన్నంత కాలం అది మరమ్మతు అనిపించుకోదు. పైగా ఫ్రిజ్ వెనుక ప్లేటుపై ఉన్న ప్రకారం అందులోనిది ఆర్600ఎ, అంటే మండే స్వభావం గల గ్యాస్.

మే 30న మీరు పంపిన మెయిల్‌లో, వాడకం కింద 30 శాతం తగ్గించి 19,250 రూపాయలు ఇస్తామన్నారు. స్పందించినందుకు ధన్యవాదాలు, అయితే ఈ కోతకు నేను అంగీకరించలేను. వారంటీలో ఉండగానే, తయారీ లోపం వల్ల పనిచేయని వస్తువుకు వాడకం తరుగు లెక్కగట్టడం న్యాయం కాదు. ఓల్టేజీ హెచ్చుతగ్గులు కారణం కావచ్చన్న మీ మాటకు కూడా జాబ్ షీట్‌లో ఆధారం లేదు. ఫ్రిజ్ మొదటి రోజు నుంచీ స్టెబిలైజర్ మీదనే నడుస్తోంది.

కాబట్టి పూర్తి ధర 27,500 రూపాయలను జూన్ 24లోగా నా బ్యాంకు ఖాతాలో జమ చేసి, ఫ్రిజ్‌ను మీ ఖర్చుతోనే మొదటి అంతస్తు నుంచి దింపించుకుని వెళ్లవలసిందిగా కోరుతున్నాను. అలా చేస్తే పాడైన సరుకులకు గానీ, పడిన ఇబ్బందికి గానీ పరిహారం అడగను. డబ్బుకు బదులు అదే మోడల్ ఇవ్వదలిస్తే, అది సీలు విప్పని కొత్త ఫ్రిజ్ అయి, వారంటీ డెలివరీ తేదీ నుంచి మొదలయ్యేలా రాతపూర్వకంగా ఇస్తే ఒప్పుకుంటాను. కూపన్లు, మరమ్మతు చేసిన పాత ఫ్రిజ్ నాకు సమ్మతం కాదు.

గడువులోగా పరిష్కారం కాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. కొనుగోలుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. అక్కడ పరిహారం, ఖర్చులు కూడా కోరవలసి వస్తుంది. అంతదాకా పోకుండా మన మధ్యనే తేలాలన్నదే నా అభిమతం.

బిల్లు, వారంటీ కార్డు, రెండు జాబ్ షీట్ల నకళ్లు, ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
భవదీయురాలు,
కె. సరిత