ప్రభల తీర్థంలో అమ్మానాన్నలతో

కనుమ నాడు జగ్గన్నతోటలో తీసిన ఫోటోలివి. వీసా స్టాంపింగుకు తేదీ దొరక్క ఒక ఏడూ, దొరికినా మళ్లీ డల్లాస్ వెళ్లనిస్తారో లేదోనన్న భయంతో మరో ఏడూ వాయిదా వేసుకుంటూ పోగా, తూర్పు గోదావరి జిల్లా నుంచి బయలుదేరిన నేను 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాలో వచ్చి దిగాను.

మా వెనుక కనిపిస్తున్నది మా గంగలకుర్రు ప్రభ. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ఏటా ఈ కొబ్బరితోటలో కొలువుతీరడం ఆనవాయితీ అయినా, దారిలో కౌశిక కాలువ దాటవలసి రావడం వల్ల మావాళ్ల మోత చూడడానికి జనం గట్ల మీద కిక్కిరిసిపోతారు. రంగురంగుల వస్త్రాలు చుట్టిన ఆ ఎత్తైన ప్రభను భుజాలకెత్తుకుని, నీళ్లలోకి దిగి, ఒరగనీయకుండా ఇవతలి గట్టెక్కిస్తున్నంతసేపూ నేను "శరభా, శరభా" అంటూ గొంతు బొంగురుపోయేలా అరిచాను. కాలువలోంచి పైకొచ్చిన బడి స్నేహితుడొకడు నన్ను గుర్తుపట్టి అమాంతం కౌగిలించుకున్నాడు. నా చొక్కా మీది బురద అతనిదే. అంత సంతోషంగా అరిచి ఎన్నేళ్లయిందో!

నాన్నగారు ఒకప్పుడు ఆ మోతగాళ్లలో ముందుండేవారు. ఈసారి గట్టు దిగలేదు. ఫోటోలో ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఠీవిగా నిలబడినట్టు కనిపిస్తున్నా, నిజానికి అది ఆసరా కోసం పట్టుకున్న చెయ్యి.

రెండో ఫోటోలో అమ్మ పొట్టిక్కల కోసం పనసాకులను ఈనెపుల్లలతో బుట్టలుగా కుడుతోంది. ఆకును కళ్లకు అంత దగ్గరగా ఎందుకు పెట్టుకుంటున్నావని అడిగితే, శుక్లాల ఆపరేషన్ అయిన సంగతి అప్పుడు బయటపెట్టింది. "చెబితే అక్కడ నువ్వు అన్నం మానేస్తావురా" అని నవ్వేసింది. ఫోన్లో రోజూ మాట్లాడుకున్నాం కనుక అన్నీ తెలుసుననే అనుకున్నాను. నాయనమ్మ అంత్యక్రియలు కూడా వీడియో కాల్‌లోనే చూసినవాణ్ణి, ఇంకా అలా ఎలా అనుకున్నానో తెలియదు.

ఇంట్లో అందరూ తాగే కుండనీళ్లు నాకు పడవేమోనని మినరల్ వాటర్ టిన్ను తెప్పించారు. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే బీరువాలోంచి తీసే దుప్పటి నా మంచం మీద పరిచారు. అది ప్రేమేనని తెలుసు, కానీ మా ఇంట్లో నాకు మర్యాద జరుగుతుంటే ఎటు చూడాలో తోచలేదు. మూడో రోజుకు గానీ అమ్మ నన్ను "ఒరేయ్, ఆ తడి తువ్వాలు మంచం మీద పడేయకు" అని కసురుకోలేదు. ఆ కసురు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

వచ్చే ఆదివారం దాకా ఊళ్లోనే ఉంటాను. అంబాజీపేట, అమలాపురం వైపు ఉన్నవారు ముందుగా కబురు చేయకుండానే ఉదయం పూట ఇంటికి రండి. పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి సిద్ధంగా ఉంటాయి.