విషయం: కంప్రెసర్ గాలి లీకులు – కొత్త కంప్రెసర్ కొనేముందు రెండో షెడ్డులో చిన్న పైలట్‌కు అనుమతి కోరుతూ

గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి, నమస్కారం.

పోయిన నెల మీటింగులో నాలుగో కంప్రెసర్ గురించి మాట వచ్చింది. స్టాండ్‌బైగా పెట్టుకున్న మూడోది కూడా ఈమధ్య రోజుకు రెండు మూడు గంటలు నడపాల్సి వస్తోందని, ప్రెషర్ 6 బార్ కిందకు పడినప్పుడల్లా ఆటోకోనర్లలో స్ప్లైస్ సరిగ్గా పడడం లేదని చెప్పింది నేనే. ఆ మాట ఇప్పుడు కొంచెం సరిదిద్దుకోవాలి. మనకు గాలి తక్కువై కాదు, తయారు చేసిన గాలి దారిలోనే పోతోంది. అందుకని కొత్త కంప్రెసర్ మీద నిర్ణయం ఉగాది దాకా ఆపమని, ఈలోగా రెండో షెడ్డు ఒక్కదానిలో లీకులు కట్టించి చూపించడానికి 38,000 రూపాయలు ఇప్పించమని అడుగుతున్నాను.

కనుమ రోజు మిల్లు పూర్తిగా ఆగి ఉన్నప్పుడు నేనూ, యుటిలిటీ ఫిట్టరూ వచ్చి ఒక పరీక్ష చేశాం. మెషిన్లన్నీ ఆపి, గాలి వాల్వులు మాత్రం రోజూ ఉన్నట్టే తెరిచి ఉంచి, ఒక్క కంప్రెసర్ నడిపాం. గాలి వాడేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి లైను నిండాక అది లోడ్ ఎక్కకూడదు. కానీ 48 సెకన్లు లోడ్, 72 సెకన్లు అన్‌లోడ్, మళ్ళీ 48 లోడ్. అలా పదిసార్లు రాసుకున్నాం, పెద్దగా తేడా రాలేదు. అంటే 120 సెకన్లలో 48, ఒక కంప్రెసర్ ఇచ్చే గాలిలో 40 శాతం కేవలం లీకులకే. మన 75 కిలోవాట్ల కంప్రెసర్ నిమిషానికి 12.5 క్యూబిక్ మీటర్లు ఇస్తుంది కాబట్టి, లీకు నిమిషానికి 5 క్యూబిక్ మీటర్లు.

తర్వాత రెండో షెడ్డుకు వెళ్ళే వాల్వు కట్టేసి మళ్ళీ చూశాం. ఈసారి 36 సెకన్లు లోడ్, 114 అన్‌లోడ్, అంటే 24 శాతం. కాబట్టి ఆ ఒక్క షెడ్డులోనే నిమిషానికి సుమారు 2 క్యూబిక్ మీటర్లు పోతోంది. పైలట్‌కు ఆ షెడ్డును ఎంచుకోవడానికి కారణం ఇదే. దానికి విడిగా వాల్వు ఉంది కాబట్టి, ఫలితం ఎంతో ఎవరూ వాదించనక్కర్లేకుండా కొలవవచ్చు.

మిల్లు నడుస్తున్నప్పుడు ఈ లీకులు చెవికి ఆనవు. కనుమ రోజు ఆ షెడ్డులో నిలబడితే నాలుగు వైపులా బుస్సుమంటూ ఒకటే చప్పుడు. ఐదో ఆటోకోనర్ దగ్గర ఫిల్టర్ బౌల్ కింద జాయింటుకు ఎవరో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించారు. దూది పట్టి అది నల్లగా అట్ట కట్టింది, దాని కిందనుంచి గాలి తన్నుకొస్తోంది. పండగ తర్వాత అక్కడ పనిచేసే అమ్మాయిని అడిగితే, "ఎప్పటినుంచో ఇంతే సార్, చలికాలం కాళ్ళు కొంకర్లు పోతాయి" అంది. ఆమెకు తెలుసు, కానీ ఎవరికి చెప్పాలో తెలియదు. మన దగ్గర లీకు రాసుకునే పుస్తకమే లేదు. ఆ తప్పు మా విభాగానిదే.

ఇక డబ్బు సంగతి. ఎక్కువ చేసి చూపించడం నాకు ఇష్టం లేదు కాబట్టి లెక్క మొత్తం మీ ముందు పెడుతున్నాను. మన కంప్రెసర్లకు నిమిషానికి ఒక క్యూబిక్ మీటరు గాలికి సుమారు 6.4 కిలోవాట్ల కరెంటు పడుతోంది. 5 క్యూబిక్ మీటర్లకు 32 కిలోవాట్లు. ఏడాదికి 8,400 గంటలు, యూనిట్ 7.50 రూపాయలు వేసుకుంటే ఇరవై లక్షలు దాటుతుంది. కానీ ఆ ఇరవై లక్షలూ మిగలవు. లీకులన్నీ ఎప్పటికీ పోవు, 60 శాతం కట్టగలమని అనుకున్నాను. పైగా మనవి స్థిర వేగంతో నడిచేవి, అన్‌లోడ్‌లో ఉన్నా ఫుల్ లోడ్‌లో మూడో వంతుకు దగ్గరగా కరెంటు లాగుతాయి. అందుకోసం ఇంకో 30 శాతం తగ్గించాను. అన్నీ తీసేశాక మిల్లంతటికీ మిగిలేది 13.4 కిలోవాట్లు, ఏడాదికి సుమారు లక్షా 13 వేల యూనిట్లు, అంటే 8 లక్షల 40 వేలు. ప్రెషర్ సెట్టింగ్ తగ్గిస్తే వచ్చే లాభం ఇందులో కలపలేదు. లీకులు కట్టకుండా ప్రెషర్ తగ్గిస్తే వైండింగ్ వాళ్ళు ఇబ్బంది పడతారు, ఆ పని తర్వాతే.

పైలట్ ఫిబ్రవరి మొదటి సోమవారం మొదలుపెట్టి ఆరు వారాలు చేస్తాం. రెండో షెడ్డులో ఉన్న 8 ఆటోకోనర్లకు సబ్బు నీళ్ళతో జాయింటు జాయింటూ చూసి, లీకు ఉన్నచోట ఎర్ర ట్యాగ్ కట్టి నంబరు వేస్తాం. ట్యూబులు, ఫిట్టింగులు 14,000. ఫిల్టర్ బౌళ్ళు, సీల్ కిట్లు 9,000. దూది ఊదడానికి ఇప్పుడు వాడుతున్న ఉత్త పైపులకు బదులు 20 బ్లో గన్లు 6,000. కంప్రెసర్ రూములో కరెంటు విడిగా చదవడానికి మీటరు 9,000. ఉత్త పైపుతో బట్టల మీద దూది దులుపుకోవడం ప్రమాదం కూడా, కంట్లో పడితే పెద్ద గొడవ. డబ్బు మిగలకపోయినా బ్లో గన్లు మాత్రం పెట్టాల్సిందే అని నా అభిప్రాయం.

మనిషిగా కావలసింది జనరల్ షిఫ్టులో ఒక ఫిట్టరు, రోజుకు నాలుగు గంటలు. మెషిన్ ఆపాల్సిన పని ఏదైనా ఉంటే లాట్ మార్చే టైములోనే చేస్తాం, ప్రొడక్షన్ కోసం వైండింగ్ మాస్టర్ గారితో ముందే మాట్లాడాను. ఆయన ఒక షరతు పెట్టారు: ఒకేసారి రెండు మెషిన్లు ఆపకూడదు. సరేనన్నాను.

ఉగాది సెలవు రోజు అదే పరీక్ష, అదే కంప్రెసర్ మీద, మళ్ళీ చేస్తాం. రెండో షెడ్డు లీకు 2 నుంచి 1 క్యూబిక్ మీటరుకో అంతకన్నా కిందకో దిగితే పైలట్ గెలిచినట్టు. సగానికి దిగినా ఏడాదికి 2 లక్షల 80 వేలు మిగులుతుంది, పెట్టిన ఖర్చు రెండు నెలల్లోపు తిరిగొస్తుంది. అప్పుడు మిగతా షెడ్లకు ఇంకో లక్షా పది వేల లోపు అడుగుతాను. దిగకపోతే ఇంకేమీ అడగను, కొత్త కంప్రెసర్ ఫైలు మీద నేనే సంతకం పెడతాను.

నాకు ఒక్కటే భయం. ఇప్పుడు కట్టినవి వేడికీ దూదికీ మళ్ళీ ఊడతాయి. అందుకే పైలట్‌లోనే వారానికోసారి గురువారం ఒక రౌండు, కొత్త లీకులకు పుస్తకం పెడుతున్నాను. ఎవరైనా అందులో రాయవచ్చు, వైండింగ్ అమ్మాయిలు కూడా.

ఎల్లుండి బుధవారం మీరు షెడ్ల రౌండుకు వచ్చినప్పుడు ఐదో ఆటోకోనర్ దగ్గర పది నిమిషాలు ఆగితే, సబ్బు నీళ్ళు వేసి బుడగలు చూపిస్తాను. ఆ ట్యూబు ముక్క మీరు చూసేదాకా అలాగే ఉంచమన్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
యుటిలిటీ ఇంజనీర్