లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో ఇంటర్న్‌షిప్ కోసం దరఖాస్తు

హనుమకొండ,
9 జూన్ 2025

కార్యదర్శి గారికి,
జిల్లా న్యాయ సేవాధికార సంస్థ,
హనుమకొండ.

విషయం: లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో మూడు నెలల ఇంటర్న్‌షిప్ (జులై - సెప్టెంబరు 2025)

గౌరవనీయులైన కార్యదర్శి గారికి నమస్కారాలు.

నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో సోషియాలజీతో బీఏ, మద్రాసు విశ్వవిద్యాలయంలో క్రిమినాలజీ పీజీ చేశాను. మాది నర్సంపేట దగ్గరి తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ చదవగలను, రాయగలను. నాకు లా డిగ్రీ లేదు. కోర్టులో నిలబడే పని, కక్షిదారుకు చట్టపరమైన సలహా చెప్పే పని నావి కావు, వాటిని అడగడం లేదు. వకీలు చేతికి ఫైలు వెళ్లేలోపు, కోర్టు ఉత్తర్వు వచ్చాక జైలు గేటు తెరిచేలోపు చాలా కాగితం పని ఉంటుంది. అక్కడ ఒక్క తేదీ తప్పినా మనిషి నెలల తరబడి లోపలే ఉండిపోతాడు. ఆ పని కోసమే ఈ దరఖాస్తు.

బెయిలు వచ్చినా షూరిటీలు దొరక్క జైల్లోనే మిగిలిపోయే విచారణ ఖైదీల మీద నా పీజీ డిసర్టేషన్ రాశాను. దీనికి కారణం పేదరికం ఒక్కటే అనుకుంటాం గానీ, సగం చిక్కు కాగితాల్లోనే ఉంటుంది. జామీనుదారు తెచ్చిన పట్టాదారు పాస్‌పుస్తకంలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. ఇంటి పన్ను రసీదు చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటుంది. పోడు భూమి దున్నుకునే చాలామంది దగ్గర చూపించడానికి పాస్‌పుస్తకమే ఉండదు. వేరే జిల్లా మనిషిని తెస్తే ‘స్థానిక షూరిటీ కావాలి’ అని తిప్పి పంపుతారు.

ఈ పరిస్థితి కోసమే సుప్రీంకోర్టు 2023 జనవరి 31న మార్గదర్శకాలిచ్చింది. బెయిలు ఉత్తర్వు సాఫ్ట్ కాపీ అదే రోజు లేదా మర్నాడు జైలు సూపరింటెండెంట్‌ ద్వారా ఖైదీకి చేరాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ మీ కార్యాలయానికి తెలపాలి. నెలలోపు బాండ్లు ఇవ్వలేకపోతే షరతు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. స్థానిక షూరిటీ పట్టుదల విడుదలను ఆలస్యం చేస్తోందని, అలాంటి షరతు పెట్టకుండా ఉండవచ్చని కూడా అందులో ఉంది. ఈ ఏడు రోజుల లెక్క, నెల రోజుల లెక్క ఎవరో ఒకరు రోజూ చూడకపోతే ఉత్తర్వు ఫైల్లోనే ఉండిపోతుంది. ఆ పట్టికను ప్రతి సోమవారం తాజా చేసి మీ ముందు పెట్టే బాధ్యత నాకివ్వమని కోరుతున్నాను.

2021లో వరంగల్ సెంట్రల్ జైలును ఖాళీ చేసి ఖైదీలను వేరే జైళ్లకు పంపాక ఈ పని బరువు పెరిగింది. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చే కుటుంబానికి ములాఖాత్‌కే ఒక రోజు కూలి పోతుంది. వకాల్తా మీద సంతకం, షూరిటీ వివరాలు, పాత కేసుల సంగతి ఒకే ప్రయాణంలో తెలుసుకోకపోతే మళ్లీ అంత దూరం పోవాలి. అందుకే జైలుకు వెళ్లే వకీలు వెంట తీసుకెళ్లడానికి ఒక పేజీ ఫారం తయారు చేశాను. అరెస్టు తేదీ, మొదటి రిమాండ్ తేదీ, సెక్షన్లు, గరిష్ఠ శిక్ష, ఇంతకుముందు శిక్ష పడిందా, వేరే కేసులున్నాయా, సీఎన్ఆర్ నంబరు, బయట ఎవరికి ఫోన్ చేయాలి: ఇంతే. నేరం చేశావా లేదా అన్న ప్రశ్న అందులో పెట్టలేదు. అది వకీలుకు, కక్షిదారుకు మధ్య ఉండాల్సిన మాట.

మొదటి రిమాండ్ తేదీని అరెస్టు తేదీ నుంచి వేరుగా రాయడానికి కారణం ఉంది. బీఎన్ఎస్ఎస్ 187 కింద చార్జిషీటు గడువు 60 లేదా 90 రోజులు. ఆ లెక్క మొదటి రిమాండ్ నుంచి మొదలవుతుంది, రిమాండ్ రోజు కూడా అందులో కలుస్తుంది. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకు, యావజ్జీవ, మరణశిక్షలకు 90. మిగతా వాటికి 60. గడువు దాటాక పిటిషన్ వేయకుండా ఊరుకుంటే, ఆలోపు పోలీసులు చార్జిషీటు దాఖలు చేస్తే, గడువు దాటినందుకు బెయిలు పొందే హక్కు పోతుంది. అందుకని గడువు ముగియడానికి పది రోజుల ముందే డిఫెన్స్ కౌన్సిల్‌కు గుర్తు చేసే జాబితా ఉండాలి.

ఇక గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లోనే గడిపిన విచారణ ఖైదీకి బెయిలు ఇవ్వాలనే 479 సెక్షన్ లెక్క. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరంలో సగం అంటే 42 నెలలు. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని వాళ్లకు మూడో వంతు చాలు, అంటే 28 నెలలు. ‘మొదటిసారి’ అంటే ఇంతకుముందు కేసే లేదని కాదు, శిక్ష పడలేదని. ఈ తేడా తెలియక అర్హులను జాబితా నుంచి తీసేసే ప్రమాదం ఉంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉన్నవాళ్లకు ఇదే సెక్షన్‌లోని రెండో ఉపవిభాగం అడ్డొస్తుంది, వాళ్ల ఫైళ్లు విడిగా వకీలుకు పంపాలి. 2024 జులై 1కి ముందు నమోదైన కేసులకూ ఈ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు అదే ఏడాది ఆగస్టులో స్పష్టం చేసింది కాబట్టి పాత ఫైళ్లను కూడా ఒకసారి వెతకాలి.

క్లినిక్‌కు నేరుగా వచ్చేవాళ్ల విషయంలో నేను ముందుగా చూసుకునేది ఒక్కటే: ఎవరినీ ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం ఊరికే తిప్పకూడదు. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయ పరిమితి లేదు. భర్త కొట్టాడని వచ్చిన ఆమెను తహసీల్దార్ ఆఫీసుకు పంపితే ఆమె మళ్లీ మన గుమ్మం ఎక్కదు. ఫిర్యాదు చేసినవాళ్లకు ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని, దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లో తెలపాలని చట్టంలో ఉన్న సంగతి తండాల్లో చాలామందికి తెలియదు. నేను చదివిన విక్టిమాలజీ ఇలాంటి చోట్లే అక్కరకొస్తుంది. లంబాడీలో చెప్పగలిగే మనిషి క్లినిక్‌లో ఉంటే సగం భయం పోతుంది.

కక్షిదారుల పేర్లు, ఫైళ్లు క్లినిక్ దాటి వెళ్లవు. నా ఫోన్‌తో ఏ కాగితాన్నీ ఫొటో తీయను. ఎవరికీ ప్రైవేటు వకీలును సూచించను, ఎవరి దగ్గరా చాయ్ డబ్బులు కూడా తీసుకోను. మా తండా వాళ్ల కేసు వస్తే ముందే చెప్పి పక్కకు తప్పుకుంటాను. జైలు సందర్శనకు వకీలు లేకుండా వెళ్లను.

జులై 1 నుంచి సోమవారం నుంచి శుక్రవారం వరకు పూర్తి సమయం రాగలను, లోక్ అదాలత్ ఉన్న శనివారాలు కూడా. భృతి ఉండాలన్న షరతు లేదు. జైలు సందర్శనల బస్సు చార్జీలు సంస్థ భరిస్తే చాలు. పోలీసు వెరిఫికేషన్‌కు సిద్ధం. మార్కుల మెమోలు, డిసర్టేషన్ సారాంశం, గైడ్ ఇచ్చిన ఉత్తరం, పైన చెప్పిన ఒక పేజీ ఫారం జతచేశాను. ఫోన్ నంబరు రెజ్యూమెలో ఉంది.

ఫారంలో మీ డిఫెన్స్ కౌన్సిల్ వకీళ్లకు అక్కర్లేని గడులేవో, చేర్చాల్సినవేవో చెబితే చేరేలోపే మార్చి తెస్తాను. ఇంటర్వ్యూకు ఎప్పుడు రమ్మన్నా వస్తాను.

భవదీయురాలు,
బానోత్ సుజాత

జతపరిచినవి: రెజ్యూమె, మార్కుల మెమోలు, డిసర్టేషన్ సారాంశం, గైడ్ ఉత్తరం, ఖైదీ వివరాల ఫారం నమూనా