గంగిరెద్దు పలుపు

వీడియో సమావేశంలో శిరీష మూడో పట్టిక చూపిస్తుండగా, అవతల మాట్లాడుతున్న మేనేజరు నోరు సగం తెరుచుకుని అలాగే నిలిచిపోయింది. పక్క గడిలో పుణె సహోద్యోగి కాఫీ కప్పు పెదవుల దాకా వచ్చి ఆగింది. అందరూ ఒకేసారి బిగుసుకుపోయారంటే లోపం వాళ్ల దగ్గర ఉండదు. చెయ్యి ఊపి చూసింది. తన గడిలో చెయ్యి ఊగింది. ల్యాప్‌టాప్ బాగానే ఉంది.

ముందు ఫోనులో డేటా పెట్టుకుని గ్రూపులో రాసింది: "మా ఇంట్లో నెట్ పోయింది. ఐదు నిమిషాల్లో వస్తాను. ఈలోగా నాలుగో అంశం కానివ్వండి." ఆ మాట చెప్పేస్తే ఇక పరుగెత్తాల్సిన పని లేదు.

వైఫై గుర్తు మాత్రం నిండుగా ఉంది. అయినా అది రౌటరు దాకా సంగతే చెబుతుంది, గడప దాటిన సంగతి దానికేం తెలుసు?

```
ping 192.168.1.1
ping 8.8.8.8
```

మొదటిది రౌటరు, దానికి జవాబులు గబగబా వచ్చాయి. రెండోది బయటి నెట్, దానికి ఒక్కటీ రాలేదు.

హాల్లో అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"కరెంటు ఉందిగా అమ్మాయీ?"

"ఉందత్తయ్యా, నెట్టే లేదు."

టీవీ పక్కన ఫైబర్ పెట్టె మీద PON దీపం ఆకుపచ్చగా, నిలకడగా వెలుగుతోంది. తీగ తెగితే ఎర్రబడే LOS దీపం ఆరి ఉంది. అంటే వీధిలోంచి వచ్చే లైను క్షేమం. రౌటరు మీద WAN దీపం మాత్రం వెలగడం లేదు. ఇక మిగిలింది ఆ రెంటినీ కలిపే పసుపు కేబులే. ఫైబర్ పెట్టె నుంచి దాన్ని తడుముకుంటూ వెళితే, రౌటరు వైపు పోకుండా సోఫా వెనక్కి తిరిగింది.

అక్కడ నాలుగేళ్ల చిన్నూ. కేబుల్ రెండో కొస కొండపల్లి ఎద్దు మెడకు రెండు చుట్లు చుట్టి ఉంది.

"ఇదేమిటి నాన్నా?"

"పలుపు. పొద్దున వచ్చిన గంగిరెద్దుకు ఉందిగా! అమ్మగారికి దండం పెట్టు!" ఎద్దు తల వంచింది.

కేబుల్ కొస చూసింది శిరీష. టక్కుమని పట్టి ఉంచాల్సిన ప్లాస్టిక్ నాలుక ఎప్పుడో విరిగింది. చీమ లాగినా ఊడివస్తుంది. పిల్లవాణ్ణి ఏమని లాభం? అత్తగారు లేచి పాత లంగా బొందు ఒకటి తెచ్చి ఎద్దుకు కట్టారు. శిరీష కేబుల్‌ను రౌటరులో నొక్కి, ఊడకుండా టేపు అంటించింది. కాసేపటికి WAN దీపం వెలిగింది.

మళ్లీ సమావేశంలో చేరేసరికి నాలుగో అంశం ఇంకా నడుస్తోంది.

"ఏమైంది శిరీషా?"

"కేబుల్ ఊడిందండీ, పెట్టేశాను."

తలుపు తోసుకుని చిన్నూ వచ్చాడు, ఒక చేతిలో ఎద్దు, మరో చేతిలో స్టీలు గిన్నె.

"అమ్మగారూ, దండం పెట్టింది కదా. బియ్యం వెయ్యండి!"

అవతల ఎవరో పకాలున నవ్వారు. శిరీష మైకు ఆపి, "అత్తయ్యా, ఓ గుప్పెడు బియ్యం!" అని కేక వేసింది.