థామస్ సార్‌కి రాసిన ఉత్తరం, ఇంట్లోవాళ్ళకి తెలుగులో

నాన్నగారూ,

నిన్న రాత్రి థామస్ సార్‌కి మెయిల్ పంపేశానండి. ఆయనది కొచ్చి, తెలుగు రాదు, అందుకే ఇంగ్లీషులో రాశాను. “ఏం రాశావో ఒక్క మాట పోకుండా వినాలి” అన్నారు కదా మీరు. ముందు ఆ ఇంగ్లీషు మాటల్నే తెలుగు అక్షరాల్లో పెడుతున్నాను. అర్థం కింద చెబుతాను. మామ్మకి కాస్త గట్టిగా చదివి వినిపించమని తమ్ముడితో చెప్పండి.

సబ్జెక్ట్: రిక్వెస్ట్ ఫర్ ఎ రిఫరెన్స్ లెటర్ – సత్యవేణి, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్

డియర్ థామస్ సర్,

ఐ హోప్ యు అండ్ యువర్ ఫ్యామిలీ ఆర్ కీపింగ్ వెల్. ఐ వర్క్‌డ్ అండర్ యు ఇన్ ద క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ ఫ్రమ్ జూన్ 2021 టు మార్చ్ 2024. ఐ యామ్ నౌ అప్లయింగ్ ఫర్ ఎ మాస్టర్స్ ప్రోగ్రామ్ ఇన్ ఫుడ్ సేఫ్టీ ఇన్ ద నెదర్లాండ్స్, అండ్ ద యూనివర్సిటీ ఆస్క్స్ ఫర్ ఎ లెటర్ ఫ్రమ్ సమ్‌వన్ హూ హాజ్ సూపర్‌వైజ్డ్ మై వర్క్.

వుడ్ యు బి విల్లింగ్ టు రైట్ వన్ ఫర్ మి? ద లాస్ట్ డేట్ ఈజ్ 15 జనవరి. ఇఫ్ యు ఫీల్ యు కెనాట్, ఆర్ ఇఫ్ దిస్ ఈజ్ ఎ బిజీ టైమ్ ఫర్ యు, ఐ విల్ కంప్లీట్లీ అండర్‌స్టాండ్.

ఐ హావ్ అటాచ్డ్ మై సి.వి. అండ్ ఎ వన్-పేజ్ నోట్ ఆన్ మై వర్క్: ద యాంటీబయాటిక్ స్క్రీనింగ్, ద లాట్ వి హెల్డ్ బ్యాక్ ఇన్ ఆగస్ట్ 2023, అండ్ ద లేబెలింగ్ మిస్టేక్ ఐ రిపోర్టెడ్ టు యు. ప్లీజ్ రైట్ ఓన్లీ వాట్ యు సా యువర్‌సెల్ఫ్.

థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్ యు టాట్ మి.

యువర్స్ సిన్సియర్లీ,
సత్యవేణి

ఇదండీ ఉత్తరం. మొదట్లో ఉన్నది కుశలప్రశ్న, నేను ఎవర్ని, ఆయన దగ్గర ఎప్పట్నించి ఎప్పటిదాకా చేశాను, ఇప్పుడు ఏం చదవబోతున్నాను అన్నదే. ఆయన చేతికింద చాలామంది పనిచేశారు కాబట్టి ఏ సత్యవేణో ఆలోచించుకునే పని పెట్టకూడదని నెలలతో సహా రాశాను.

“వుడ్ యు బి విల్లింగ్” అంటే “మీకు ఇష్టమైతే రాస్తారా అండీ” అని. ఆ వెంటనే, కుదరకపోతే నేనేమీ అనుకోనని కూడా రాశాను. ఈ ముక్క మీకు నచ్చదని తెలుసు. “అడిగేటప్పుడే వద్దంటే పర్లేదంటే ఎవరు చేస్తారే” అంటారు. కానీ నాన్నగారూ, మొహమాటానికి ఒప్పుకుని “మంచి అమ్మాయి, కష్టపడుతుంది” అని రెండు పొడి ముక్కలు రాసిస్తే అది ఎందుకూ పనికిరాదు. మనస్ఫూర్తిగా రాసేవాళ్ళే రాయాలి. లేదంటే ఇప్పుడే లేదని చెప్పేస్తే ఇంకొకర్ని అడగడానికి నాకు టైముంటుంది.

బాబాయ్ ఎవరో పెద్దాయన్ని పట్టుకుని లెటర్‌హెడ్ మీద రాయిస్తానన్నాడట, అమ్మ చెప్పింది. బాబాయ్ ప్రేమ నాకు తెలియంది కాదు. కానీ ఇది సిఫార్సు కాదండి. నన్ను పనిలో చూసినవాళ్ళు, ఏం చూశారో చెప్పాలి, అంతే. ఆ పెద్దాయన నన్ను పెళ్ళిళ్ళలో తప్ప ఎక్కడా చూడలేదు.

ఇక ఆగస్టు 2023 సంగతి. ఉత్తరంలో అది ఒక్క ముక్కే, మన ఇంట్లో మాత్రం అది పెద్ద గొడవ. ఆ రాత్రి వచ్చిన 40 కౌంటు రొయ్యల లాటు మన ఉప్పలగుప్తం వైపు చెరువులదే. ల్యాబులో టెస్టు పెడితే క్లోరాంఫెనికాల్ ఉన్నట్టు వచ్చింది. అది తిండి కోసం పెంచే జీవాలకి వాడకూడని మందు. యూరప్ వాళ్ళు కిలోకి 0.15 మైక్రోగ్రాములు కనిపించినా సరుకు తీసుకోరు. వెయ్యి టన్నుల రొయ్యల్లో 0.15 గ్రాము అన్నమాట. నేను మళ్ళీ టెస్టు పెట్టాను, మళ్ళీ అదే వచ్చింది. లాటు ఆపమని రాసి సంతకం పెట్టాను. తెల్లారేసరికి ఏజెంట్లు గేటు దగ్గర ఉన్నారు. థామస్ సార్ బయటికొచ్చి, “సంతకం ఆ అమ్మాయిదే, నిర్ణయం నాది, ఏమన్నా నన్ననండి” అన్నారు, పక్కనున్న సూపర్‌వైజర్ తెలుగులో చెప్పాడు. శాంపిల్ పెద్ద మిషన్ మీద పరీక్షకి బయటి ల్యాబుకి పంపారు. అక్కడా అదే తేలింది.

ఆ వారం మీరు సెంటర్‌లో టీకి కూడా వెళ్ళలేదు. “నీ కూతురే కదా ఆపింది” అని ఎవరో అన్నారట. మీరు నాతో ఒక్క మాట అనలేదు. నాకది ఇప్పటికీ గుర్తే నాన్నగారూ. ఈ చదువు చదవాలనిపించింది ఆ వారమే. చెరువులో మందు ఎందుకు వేయాల్సొస్తుందో, వేయకుండా పంట ఎలా నిలబెట్టాలో తెలిస్తే రైతు గేటు దగ్గరిదాకా రానక్కర్లేదు కదా.

లేబుల్ సంగతి అమ్మకి కోపం తెప్పిస్తుంది. “నీ తప్పు నువ్వే రాసుకుంటావా” అని. చేరిన కొత్తలో రెండు శాంపిల్ సీసాల లేబుళ్ళు తారుమారు చేశాను. ఎవరూ చూడలేదు. సాయంత్రం రిజిస్టరు సరిచూస్తుంటే నాకే తెలిసింది, వెళ్ళి సార్‌తో చెప్పేశాను. రెండు టెస్టులూ మళ్ళీ చేయించారు. తిట్టారు కూడా. కానీ మర్నాటి నుంచి ఆ రిజిస్టరు రాయడం నాకే అప్పజెప్పారు. నా గురించి ఆయనకి బాగా తెలిసిన సంగతి అదే, దాచి పొగడ్తలు అడగడం నాకు చేతకాదు అమ్మా.

ఆయన ఒప్పుకుంటే యూనివర్సిటీ వాళ్ళే ఆయనకి లింకు పంపుతారు. ఆయన రాసింది నేరుగా అక్కడికే పోతుంది, నాకు చూపించరు. కాబట్టి ఏం రాశాడు, ఏం రాశాడు అని రోజూ ఫోన్లో అడక్కండి.

ఇంకొక్కటి. కొచ్చికి పూతరేకులు, కాజాలు పార్సిల్ చేద్దామన్నారు కదా, ఇప్పుడొద్దండి. ఉత్తరం రాయకముందు స్వీట్లు వెళితే ఆయనకి ఇబ్బందిగా ఉంటుంది. జనవరి 15 దాటనివ్వండి, సీటు వచ్చినా రాకపోయినా పంపుదాం. ఆత్రేయపురం బెల్లం పూతరేకులంటే ఆయనకి ఇష్టం, నెయ్యి ఎక్కువ వేయించండి.

జవాబు రెండు మూడు రోజుల్లో రాకపోతే కంగారు పడకండి. నేను డిసెంబరు 10 దాకా ఆగి ఒక్కసారి గుర్తుచేస్తాను. అప్పటికీ పలక్కపోతే ఇప్పుడు హైదరాబాదులో మా ల్యాబు మేడమ్‌ని అడుగుతాను, ఆవిడకి కూడా నా పని తెలుసు.

చెరువు పట్టుబడి ఎప్పుడో చెప్పండి, ఆదివారం కలిసొస్తే వస్తాను.

మీ
సత్య